‘కూలి లేదు’ అన్న మిల్లులో బస్తాకు ఎంత పోతుంది?

ఊరి దగ్గర రెండు మిల్లులున్నాయనుకోండి. మొదటి మిల్లు కిలో ధాన్యానికి రెండు రూపాయలు కూలి తీసుకుంటుంది. బియ్యం, నూకలు, తవుడు మూడూ మన బస్తాల్లోకే పోస్తుంది. రెండో మిల్లు రూపాయి కూడా అడగదు. ఆడించి బియ్యం ఇస్తుంది, నూకలూ తవుడూ ఊకా తానే ఉంచుకుంటుంది. ఇంటి తిండికి పది బస్తాలు అట్టిపెట్టుకున్న రైతు దేనికి వెళ్లాలి?

చాలామంది రెండో దానికే వెళతారు. చేతిలోంచి డబ్బు తీయనక్కర్లేదు కదా అన్నది వాళ్ల లెక్క. కానీ కూలి అక్కడా ఉంది, నోట్ల రూపంలో కాకుండా నూకల రూపంలో, తవుడు రూపంలో ఉంది. అది ఎంతో తెలియాలంటే తూకం వేయాలి, ధర కట్టాలి. ఆ రెండూ ఎలా చేయాలో, చేసిన తర్వాత వచ్చిన లెక్కను ఎంతవరకు నమ్మాలో ఈ అధ్యాయంలో చూద్దాం.

బస్తా ధాన్యంలో ఏముంటుంది

కోస్తా జిల్లాల్లో వాడుకలో ఉన్న 75 కిలోల బస్తానే తీసుకుందాం. ధాన్యం బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అంటే బి.పి.టి. 5204. తాలు తూర్పారబట్టి, సరిగ్గా ఆరబెట్టి, కొన్ని నెలలు నిల్వ చేసిన ధాన్యం. మిల్లు రబ్బరు రోలర్లతో ఊక తీసి, తర్వాత పాలిష్ పట్టే రకం.

ఇలాంటి చోట ఒక బస్తాకు సుమారు 42 కిలోల నిండు బియ్యం, 9 కిలోల నూకలు, 5 కిలోల పైచిలుకు తవుడు వస్తాయనుకోవచ్చు. పదహారున్నర కిలోలు ఊకగా పోతుంది. మిగిలిన రెండు కిలోల పైచిలుకు దుమ్ము, మట్టి, మిగిలిపోయిన తాలు, ఆడేటప్పుడు వేడికి ఎగిరిపోయే తేమ. శాతాల్లో చెప్పాలంటే నిండు బియ్యం 56, నూకలు 12, తవుడు 7, ఊక 22, తరుగు 3.

ఈ అంకెలు రకాన్నిబట్టి, కాలాన్నిబట్టి, యంత్రాన్నిబట్టి అటూ ఇటూ అవుతాయి. ఒక్కటి మాత్రం పెద్దగా మారదు. ధాన్యం బరువులో అయిదో వంతు, లేదా అంతకు కాస్త ఎక్కువ, ఊకే ఉంటుంది. దానిమీద మిల్లరుకూ మీకూ ఎవరికీ అదుపు లేదు. మిగతా దానిలో ఎంత నిండు గింజగా నిలుస్తుంది, ఎంత నూకగా విరుగుతుంది, ఎంత తవుడుగా రాలుతుంది అన్నదే మారే సంగతి. లాభనష్టాలన్నీ అక్కడే ఉన్నాయి.

‘అరవై ఏడు’ అన్న మాటలో నూక ఉందా, లేదా

ప్రభుత్వం కొన్న ధాన్యాన్ని మిల్లులకిచ్చి ఆడించేటప్పుడు క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలన్నది నిబంధన. తవుడు, ఊక వంటివి మిల్లరుకే ఉంటాయి. కాబట్టే అక్కడ కూలి రేటు తక్కువగా పెట్టగలుగుతున్నారు. ఈ 67 అనే అంకె పల్లెల్లో బాగా నాటుకుపోయింది. మిల్లు దగ్గర ఎవరైనా ‘మాకు అరవై ఏడు దిగుతుంది’ అంటే అందరూ తలూపుతారు.

అయితే ఆ 67 కిలోల్లో నూక కూడా కలిసి ఉంటుంది. ప్రభుత్వానికిచ్చే పచ్చి బియ్యంలో నూక నాలుగో వంతు వరకు ఉండవచ్చన్నది చాలాకాలం పాటు ఉన్న నిబంధన. ఆ లెక్కన 67 కిలోల్లో దాదాపు 17 కిలోలు నూకే అయినా తప్పు కాదు. నిండు బియ్యం 50 కిలోలే. ఇంటికి వండుకునే బియ్యంలో అంత నూక ఎవరూ ఒప్పుకోరు కదా. అందుకే ఇంటి బియ్యం ఆడించే మిల్లులు నూకను జల్లెడ పట్టి వేరు చేస్తాయి. అలా వేరుచేసిన తర్వాత మిగిలిన నిండు బియ్యం 56 శాతం వస్తే అది తక్కువేమీ కాదు. నూక కలిపిన 67 కన్నా అదే మెరుగు.

కాబట్టి మిల్లులో శాతం వినగానే అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: ‘ఆ లెక్కలో నూక కలిసిందా, తీసేశారా?’ రెండు మిల్లులను పోల్చాలంటే రెండింటి దగ్గరా ఒకే రకం అంకె ఉండాలి. నిండు బియ్యం ఒక అంకె, నూకలు ఇంకో అంకె, విడివిడిగా.

నూక అంటే ఏదో కూడా తేల్చుకోవాలి. కొనుగోలు ప్రమాణాల్లో నిండు గింజ పొడవులో ముప్పాతిక కన్నా చిన్నగా ఉన్న ముక్కను నూకగా లెక్కిస్తారు. కొస మాత్రమే విరిగిన గింజ నూక కాదు. ఇంట్లో దీన్ని చూడటం కష్టం కాదు. మిల్లు ఇచ్చిన ‘నిండు’ బియ్యంలోంచి నూరు గ్రాములు తూచి, నల్లటి పళ్లెంలో పరిచి, ముప్పాతికకు తగ్గిన ముక్కలను ఏరి మళ్లీ తూచండి. అయిదు గ్రాములు వస్తే అయిదు శాతం నూక ఇంకా బియ్యంలోనే ఉందన్నమాట. మీకు 42 కిలోలని చెప్పిన నిండు బియ్యంలో రెండు కిలోల పైన నూకే. ఈ పరీక్ష చేయకుండా రెండు మిల్లుల బియ్యం బరువులు పోల్చకూడదు. జల్లెడ సరిగా పట్టని మిల్లు ఎప్పుడూ ఎక్కువ బియ్యం ఇచ్చినట్టే కనబడుతుంది.

కూలి ఒక పక్క, నూకా తవుడూ ఒక పక్క

ఇప్పుడు ధరలు కడదాం. నిండు బియ్యం కిలో 50 రూపాయలు, నూకలు 24, తవుడు 20 అనుకుందాం. ఇవి లెక్క చూపించడానికి పెట్టుకున్న ధరలు మాత్రమే. మీ ఊళ్లో మీరు అమ్మితే వచ్చే ధర, లేదా మీరు కొనుక్కోవలసివస్తే పెట్టే ధర, ఆ స్థానంలో రాసుకోండి.

ఒక బస్తాకు 9 కిలోల నూకలు అంటే 216 రూపాయలు. అయిదుంపావు కిలోల తవుడు అంటే 105 రూపాయలు. రెండూ కలిపి 321. ఇదే ‘కూలి లేని’ మిల్లు మీ దగ్గర తీసుకునే అసలు కూలి.

కిలోకు రెండు రూపాయల కూలి తీసుకునే మిల్లులో 75 కిలోల బస్తాకు 150 రూపాయలు అవుతుంది. బియ్యం రెండు చోట్లా సమానంగా దిగితే, కూలి లేని మిల్లుకు వెళ్లిన రైతు బస్తాకు 171 రూపాయలు ఎక్కువ చెల్లించినట్టు. పది బస్తాలకు 1710 రూపాయలు.

దీన్నే తిరగేసి చూస్తే ఇంకా ఉపయోగం. 321 రూపాయలను 75 కిలోలతో భాగిస్తే 4 రూపాయల 28 పైసలు వస్తుంది. అంటే ఈ ధరల దగ్గర, ఈ దిగుబడి దగ్గర, కిలోకు 4 రూపాయల 28 పైసల లోపు ఎంత కూలి అడిగినా కూలి కట్టి నూకా తవుడూ తెచ్చుకోవడమే మేలు. అంతకు మించి అడిగితే వదిలేసి రావడం మేలు. ఈ ఒక్క అంకెను మీ ధరలతో కట్టుకుని మిల్లుకు వెళితే బేరం అక్కడికక్కడ తేలిపోతుంది. సూత్రం ఇంతే:

నూకల బరువు × నూకల ధర + తవుడు బరువు × తవుడు ధర, మొత్తాన్ని ఆడించిన ధాన్యం బరువుతో భాగించాలి.

మధ్యేమార్గం కూడా ఉంది. ఇంట్లో గేదె లేదు, తవుడు ఏం చేసుకోవాలో తెలియదు, నూకలు మాత్రం కావాలి అనుకునేవాళ్లు తవుడును మిల్లుకు వదిలి ఆ మేరకు కూలి తగ్గించమనవచ్చు. మన లెక్కలో తవుడు విలువ 105, కూలి 150. కాబట్టి తవుడు వదిలి బస్తాకు 45 రూపాయలు చేతికిస్తే ఇద్దరికీ సరిపోతుంది. ‘బాబాయ్, తవుడు నువ్వే ఉంచుకో, నూకలు నాకు కట్టు, బస్తాకు నలభై అయిదు ఇస్తా’ అని లెక్కతో అడిగితే చాలామంది మిల్లర్లు ఆలోచిస్తారు. వాళ్లకూ తవుడు ఒక్క చోట పోగుపడటం కావాలి.

గింజ విరిగితే ఎవరికి నష్టం

పై లెక్కలో ఒక మాట దాటవేశాం, ‘బియ్యం రెండు చోట్లా సమానంగా దిగితే’ అని. నిజానికి ఒప్పందం మారితే దిగుబడి కూడా మారడానికి కారణం ఉంది.

ఒక బస్తాలో కిలోన్నర నిండు బియ్యం ఎక్కువగా విరిగి నూక అయిందనుకోండి. అది ధాన్యం బరువులో రెండు శాతమే, కంటికి తెలియదు. కూలి కట్టిన చోట ఆ నూక కూడా మీ బస్తాలోకే వస్తుంది కాబట్టి 50 రూపాయల సరుకు 24 రూపాయల సరుకుగా మారిందంతే. నష్టం బస్తాకు 39 రూపాయలు. మిల్లరుకు అందులో పైసా రాదు.

కూలి లేని చోట ఆ కిలోన్నరా మీ లెక్కలోంచి పూర్తిగా పోతుంది. నష్టం 75 రూపాయలు. అందులో 36 రూపాయల నూక మిల్లరు వాటాలో చేరుతుంది. అంటే ఆ ఒప్పందంలో గింజ ఎంత విరిగితే మిల్లరుకు అంత రాబడి. పాలిష్ ఎంత పడితే అంత తవుడు. అరిగిపోయిన రబ్బరు రోలరు మార్చడానికి తొందర ఉండదు. పాలిష్ యంత్రం బిగువు తగ్గించడానికి కారణం ఉండదు.

మిల్లరు కావాలని విరగ్గొడతాడని చెప్పడం లేదు. పేరు పోతుందన్న భయంతో, చేసే పనిమీద గౌరవంతో బాగా ఆడించేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఒప్పందం ఎటు మొగ్గుతోందో చూసుకోవడం మన బాధ్యత. నూకా తవుడూ మనకే వచ్చేటట్టు ఉంటే బాగా ఆడించడం వల్ల మిల్లరుకు నష్టమేమీ లేదు. అవి మిల్లరుకే పోయేటట్టు ఉంటే బాగా ఆడించిన ప్రతిసారీ తన రాబడి కాస్త తగ్గించుకున్నట్టే. అందుకే కూలి లేని ఒప్పందమే కుదిరినప్పుడు, ‘బస్తాకు నిండు బియ్యం ఇన్ని కిలోలు’ అని ముందే ఒక అంకె ఒప్పించుకోవాలి. అప్పుడు ఆ అంకె కన్నా తగ్గితే విరిగిన భారం మిల్లరు మీద పడుతుంది.

విరిగింది మిల్లులోనా, కళ్లంలోనా

నూక ఎక్కువ రాగానే మిల్లును తప్పుపట్టడం సులభం. చాలాసార్లు ఆ గింజ మిల్లుకు రాకముందే లోపల పగిలి ఉంటుంది. ఊక పట్టి ఉంచడం వల్ల బయటికి తెలియదు. రోలరు తగలగానే ఆ పగులు దగ్గర రెండు ముక్కలవుతుంది.

ఈ పగులు ఎలా వస్తుందో తెలిస్తే సగం నష్టం ఆపవచ్చు. ఆరిన గింజ మళ్లీ తడిని పీల్చుకున్నప్పుడు పైపొర ఉబ్బుతుంది, లోపలిది అలాగే ఉంటుంది. ఆ లాగుడుకు గింజ అడ్డంగా చీలుతుంది. పంట పండిన తర్వాత కోయకుండా వదిలేస్తే పగలు ఎండకు ఆరి, రాత్రి మంచుకు తడిసి చేలోనే ఇది జరుగుతుంది. కళ్లంలో పగలంతా ఎండబెట్టి రాత్రి కప్పకుండా వదిలినా ఇదే. మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద పలచగా పరిచి ఒక్కరోజులో ఆరబెట్టినా పైపొర లోపలికన్నా వేగంగా ఆరి గింజ పగులుతుంది. మందంగా పరిచి, తరచుగా కాళ్లతో కలియబెడుతూ, ఎండ తీవ్రంగా ఉన్న గంటల్లో కుప్ప చేసి, రాత్రి పట్టా కప్పి రెండు మూడు రోజుల్లో ఆరబెడితే ఈ పగుళ్లు బాగా తగ్గుతాయి.

యాసంగి, దాళ్వా ధాన్యంలో నూక ఎక్కువ రావడానికి కూడా ఇదే కారణం. గింజ గట్టిపడి కోతకు వచ్చే వేళకు ఎండలు ముదిరిపోతాయి. తెలంగాణలో యాసంగి వడ్లను మిల్లర్లు ఉప్పుడు బియ్యంగా చేయడానికే మొగ్గు చూపడం ఇందుకే. నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు గింజలోని పిండి మెత్తబడి పగుళ్లు అతుక్కుంటాయి, ఆరిన తర్వాత గింజ గట్టిపడుతుంది, నూక తగ్గుతుంది. కాబట్టి వానకాలం పంట ఆడించినప్పుడు వచ్చిన దిగుబడిని యాసంగి పచ్చి బియ్యం నుంచి ఆశించకూడదు. ఇంటి తిండికి పచ్చి బియ్యమే కావాలనుకునేవాళ్లు వానకాలం ధాన్యమే అట్టిపెట్టుకోవడం మేలు.

తప్పు ఎక్కడిదో తేల్చే పరీక్ష ఒకటుంది. దానికి యంత్రాలు అక్కర్లేదు. ఆడించబోయే ధాన్యంలోంచి నూరు గింజలు తీసి, ఒక్కొక్కదాన్నీ వేళ్లతో ఒలిచి, కిటికీ వెలుగుకో టార్చి వెలుగుకో ఎదురుగా పట్టి చూడండి. పగిలిన గింజలో అడ్డంగా సన్నని నల్లటి గీత కనిపిస్తుంది. అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాసుకోండి. నూరింటిలో ముప్పై పగిలి ఉంటే ఏ మిల్లు అయినా నూక ఎక్కువే ఇస్తుంది. మిల్లరుతో గొడవపడి లాభం లేదు, వచ్చే ఏడాది ఆరబెట్టే పద్ధతి మార్చుకోవాలి. నూరింటిలో అయిదారే పగిలి ఉండి కూడా నూక విపరీతంగా వస్తే అది యంత్రం సంగతి. అప్పుడు మిల్లరును అడగడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది.

తేమ కూడా చూసుకోవాలి. ధాన్యం ఆడించడానికి 14 శాతం తేమ సరిగ్గా కుదురుతుంది. అంతకన్నా బాగా ఎక్కువ ఉంటే గింజ మెత్తగా ఉండి నలుగుతుంది, తవుడు జల్లెడకు అంటుకుంటుంది. మరీ ఎక్కువగా ఎండితే పెళుసుగా విరుగుతుంది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం వరకు తేమ ఉన్న ధాన్యాన్ని తీసుకుంటారు. ఆ తేమతో పది బస్తాలు, అంటే 750 కిలోలు ఇంటికి చేర్చి 14 శాతానికి ఆరబెడితే సుమారు 26 కిలోల బరువు నీరుగా పోతుంది. అది ఎవరి దొంగతనమూ కాదు. దిగుబడి శాతాన్ని ఎప్పుడూ మిల్లులో పోసేముందు తూచిన బరువు మీదే కట్టాలి, కోత నాటి బరువు మీద కాదు.

ఇంకో మాట. కోసిన వెంటనే ఆడించిన బియ్యం అన్నం ముద్దవుతుందని ఇళ్లలో అందరికీ తెలుసు. ఆ కొత్త గింజ మిల్లులో కూడా ఎక్కువ విరుగుతుంది. మూడు నాలుగు నెలలు నిల్వ ఉంచితే గింజ గట్టిపడి నిండు బియ్యం పెరుగుతుంది. పాత బియ్యం కోసం ఆగడంలో రుచితో పాటు ఈ లాభం కూడా ఉంది.

తవుడునూ ఊకనూ చేత్తో చూడండి

మిల్లు సరిగా ఆడుతోందో లేదో బియ్యం కన్నా ముందు తవుడూ ఊకా చెబుతాయి. చాలామంది వాటి వంక చూడరు.

తవుడు దోసెడు తీసి గుప్పిట్లో గట్టిగా నొక్కండి. నూనె ఉన్న మంచి తవుడు ముద్దగా నిలుస్తుంది, అరచేతికి జిడ్డు తగులుతుంది. ఊక కలిసినది గరుకుగా గుచ్చుకుంటుంది, ముద్ద విడిపోతుంది. ఊకనూ తవుడునూ ఒకేసారి తీసే పాత హల్లర్ మిల్లుల్లో ఈ కలగాపులగమే వస్తుంది. దానికి ధర చాలా తక్కువ. అక్కడ బియ్యం కూడా ఎక్కువ విరుగుతుంది. తర్వాత ఆ తవుడును సన్నని జల్లెడలో పట్టండి. జల్లెడ మీద చిన్న చిన్న బియ్యపు ముక్కలు నిలిస్తే పాలిష్ యంత్రపు జల్లెడ చిరిగిందనో, బిగువు ఎక్కువైందనో అర్థం. 24 రూపాయల నూక 20 రూపాయల తవుడులో కలిసిపోతోంది.

ఊక పడే చోట కూడా ఒక దోసెడు తీసి ఊదండి. బియ్యపు గింజలు, నూకలు కనిపిస్తే గాలి ఎక్కువ పెట్టారని తెలుస్తుంది. ఇవి ఎవరి వాటాలోకీ రాని నష్టం. మిల్లరుకు చెబితే సంతోషంగా సరిచేస్తాడు, ఎందుకంటే మిగతా అందరి ధాన్యంలోనూ అదే పోతోంది.

తవుడు బరువు కూడా చూడాలి. ఊక కలవని తవుడు ధాన్యంలో పది శాతం దాటిందంటే అవసరానికి మించి పాలిష్ పట్టినట్టు. అన్నం తెల్లగా ఉంటుంది కానీ గింజ బరువు తగ్గింది. ఒక పట్టు తక్కువ పట్టమని ముందే చెప్పవచ్చు. నిండు బియ్యం కాస్త పెరుగుతుంది, గింజలో పోషకాలూ మిగులుతాయి. అయితే అలాంటి బియ్యానికి త్వరగా పురుగు పడుతుంది, మెత్తబడటానికి ఎక్కువ సేపు ఉడకాలి. కాబట్టి రెండు మూడు నెలలకు సరిపడా మాత్రమే ఆడించుకోవాలి.

లెక్క తిరగబడే చోట్లు

కూలి కట్టడమే ఎప్పుడూ లాభమన్నది ఈ అధ్యాయం సారాంశం కాదు. రెండు సందర్భాల్లో లెక్క తిరగబడుతుంది.

మొదటిది, యంత్రాల్లో పెద్ద తేడా ఉన్నప్పుడు. కూలి తీసుకునేది పాత హల్లర్, కూలి తీసుకోనిది మంచి రబ్బరు రోలరు మిల్లు అనుకోండి. హల్లర్‌లో బస్తాకు నిండు బియ్యం 37 కిలోలన్నరే వచ్చి, నూకలు 11 కిలోల పైన వచ్చాయనుకుందాం. బియ్యం 1875, నూకలు 270 రూపాయలు. ఊక కలిసిన తవుడు పాతిక కిలోలకు మహా అయితే ఓ నూరు రూపాయలు. కూలి 150 తీసేస్తే చేతికి 2095. రబ్బరు రోలరు మిల్లు 45 కిలోల నిండు బియ్యం ఇచ్చి మిగతాదంతా ఉంచుకున్నా మీకు 2250 రూపాయల బియ్యం వచ్చినట్టే. నూకా తవుడూ వదిలేసినా బస్తాకు 155 రూపాయలు ఇక్కడే ఎక్కువ. నిండు బియ్యం ధర నూక ధరకు రెట్టింపు ఉన్నంతకాలం అన్నిటికన్నా ముందు చూడవలసింది నిండు బియ్యం బరువే. కూలి, తవుడు ఆ తర్వాత.

రెండోది, తెచ్చుకున్న సరుకు వాడుకోలేనప్పుడు. పచ్చి బియ్యపు తవుడు నిలవ ఉండదు. పాలిష్ యంత్రంలోంచి బయటపడ్డ గంటల్లోనే అందులోని నూనె చెడటం మొదలవుతుంది, రోజుల్లో ముక్క వాసన వస్తుంది. తవుడు నూనె తీసే ఫ్యాక్టరీలు మంచి ధర ఇచ్చేది తాజా తవుడుకు, అదీ లారీల లెక్కన. మీ పది బస్తాలకు వచ్చే యాభై కిలోల తవుడును వాళ్లు కొనరు. ఊళ్లో గేదెలున్నవాళ్లు ఎవరైనా వెంటనే తీసుకుంటే ఆ ధరే మీ ధర. ఎవరూ తీసుకోకపోతే మీ లెక్కలో తవుడు విలువ సున్నా వేయండి. నూకల సంగతి కొంత మెరుగు. ఆరినవి నిలవ ఉంటాయి, ఉప్మాకూ జావకూ ఉండ్రాళ్లకూ పిండికీ పనికొస్తాయి, మిగిలినవి కోళ్లకు వేయవచ్చు. కానీ పది బస్తాలకు 90 కిలోల నూకలు ఒక ఇంట్లో ఖర్చు కావు. వాడుకునే భాగానికి ఒక ధర, అమ్మే భాగానికి దానికన్నా తక్కువ ధర కట్టాలి. పెద్ద నూకకూ సన్న నూకకూ కూడా వేరువేరు ధరలుంటాయి, కలిపి అమ్మితే సన్న నూక ధరే వస్తుంది.

రవాణా ఖర్చు కూడా ఇందులో కలపాలి. దూరంలో ఉన్న మంచి మిల్లుకు ఆటో కిరాయి ఆరువందలు అయితే పది బస్తాలకు బస్తాకు అరవై పడినట్టు. ముప్పై బస్తాలకైతే ఇరవయ్యే. నలుగురు రైతులు కలిసి ఒకేరోజు వెళితే ఇంకో మేలుంది. మిల్లు ఎలివేటర్లలో, గుంతల్లో ప్రతిసారీ కొంత ధాన్యం, బియ్యం నిలిచిపోతాయి. రెండు బస్తాలు ఆడించినవాడికి ఆ నష్టం పెద్దగా తగులుతుంది, ఇరవై బస్తాలవాడికి తెలియదు. తక్కువ ధాన్యం ఉన్నవాళ్లు అందుకే చిన్న మిల్లులో ఆడించుకోవడమో, ఒకే రకం పండించిన పక్కవాళ్లతో కలపడమో చేయాలి.

మిల్లుకు వెళ్లేరోజు చేయవలసిన పని

ఒక చిన్న నోటుపుస్తకం, సన్నని జల్లెడ, గ్రాములు చూపే చిన్న త్రాసు తీసుకెళ్లండి. అన్ని బస్తాలూ మొదటిసారే ఇవ్వకండి. రెండు బస్తాలు ముందు ఆడించి లెక్క చూసి మిగతావి ఎక్కడ ఆడించాలో తేల్చుకోండి.

వెళ్లేముందు నూరు గింజలు ఒలిచి పగుళ్లు లెక్కపెట్టి రాసుకోండి. మిల్లు దగ్గర ధాన్యం తూకం మీ ఎదుటే వేయించండి. ముందు ఆడిన వాళ్ల సరుకు యంత్రంలోంచి పూర్తిగా ఖాళీ అయిందో లేదో చూసి, ఆ తర్వాతే మీ ధాన్యం పోయమనండి. ఆడించిన తర్వాత నిండు బియ్యం, నూకలు, తవుడు మూడూ విడివిడిగా తూచి రాయండి. వాటాలో తవుడు మిల్లుదే అయినా సరే తూకం మాత్రం వేయించండి. ఊక తూచడం కష్టమైతే వదిలేయండి. మిగతా మూడూ కలిపి ధాన్యంలో డెబ్బై అయిదు శాతం చుట్టుపక్కల ఉండాలి. డెబ్బైకి బాగా తగ్గితే ఎక్కడో సరుకు పోతోందన్నమాట. ఊకలోనా, గుంతలోనా, వేరేవాళ్ల బస్తాలోనా అని అక్కడే ఉండి వెతకండి, ఇంటికి వచ్చాక తేలదు.

తర్వాత పుస్తకంలో ఒక్క వాక్యంలో ఫలితం రాయండి: బస్తాకు బియ్యం విలువ, దానికి నూకల విలువ, తవుడు విలువ కలిపి, అందులోంచి కూలీ కిరాయీ తీసేస్తే మిగిలింది ఇంత. మీ వాటాకు రాని సరుకుకు సున్నా వేయండి. రెండు మిల్లులకు ఈ ఒక్క అంకె కట్టి పక్కపక్కన పెడితే ఏది మేలో కనబడుతుంది. ధరలు మారినప్పుడల్లా ఈ అంకె మళ్లీ కట్టుకోవాలి. తవుడు ధర పడిపోయిన నెలలో వదిలేసి రావడమే మంచిదవుతుంది, నూకల ధర పెరిగిన ఏడాది కూలి కట్టి తెచ్చుకోవడమే మంచిదవుతుంది. పగుళ్ల లెక్కా, నిండు బియ్యం శాతమూ రెండు మూడు పంటలకు రాసి పెట్టుకుంటే, మీ ధాన్యానికి ఏ మిల్లు సరిపోతుందో, మీ కళ్లంలో ఏం మార్చుకోవాలో కూడా ఆ పుస్తకంలోంచే తెలుస్తుంది.